అర్ధరాత్రి దగ్గర తెగిపోతున్న గంటలు

(టైమ్ ఆఫీసు గుమాస్తాలు, జీతాల బిల్లులు రాసేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలను పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే. కానీ దానికి అరగంట పడుతుంది, ఆ అరగంటని ఏ ఖాతాలో రాయాలో మళ్లీ గొడవ. అందరికీ కలిపి ఒకే దండం పెట్టేస్తున్నాను.

మనది మూడు షిఫ్టుల లోకం. ఏ షిఫ్టు ఆరు నుంచి రెండు, బి షిఫ్టు రెండు నుంచి పది. ఈ రెండింటితో మనకి పేచీ లేదు. దిగిన టైములోంచి ఎక్కిన టైము తీసేస్తే గంటలు వచ్చేస్తాయి. పేచీ అంతా సి షిఫ్టుతోనే. రాత్రి పదికి ఎక్కి పొద్దున ఆరుకి దిగుతారు. ఆరులోంచి పది ఎలా తీస్తాం? అక్కడే కొందరు పదిలోంచి ఆరు తీసేసి నాలుగు అని రాస్తారు. ఇంకొందరు "సి షిఫ్టు అంటే ఎలాగూ ఎనిమిదే కదా" అని అసలు లెక్కే వేయకుండా ఎనిమిది దింపేస్తారు. ఈ రెండో రకమే ఎక్కువ. రిలీవరు రాక ముప్పావుగంట అదనంగా నిలబడ్డవాడికి కూడా ఎనిమిదే పడుతుంది.

ఒక్క పంచ్ తీసుకుందాం. ఇన్ 21:52, అవుట్ 06:38. మధ్యలో భోజనానికి అరగంట. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి.

చేత్తో వేయడానికి రెండు దారులున్నాయి. మొదటి దారిలో అర్ధరాత్రి దగ్గర ఒకసారి ఆగుతాం. 21:52 నుంచి 24:00 దాకా 2 గంటల 8 నిమిషాలు. అక్కడి నుంచి 6 గంటల 38 నిమిషాలు. కలిపితే 8 గంటల 46 నిమిషాలు. రెండో దారిలో అవుట్ టైముకి 24 కలుపుతాం. 06:38 కాస్తా 30:38 అవుతుంది. ఇప్పుడు 30:38 లోంచి 21:52 తీయాలి. 38 లోంచి 52 పోదు. ఒక గంట అప్పు తెచ్చుకుంటాం, అంటే 60 నిమిషాలు. 98 లోంచి 52 పోతే 46. గంటల్లో 29 లోంచి 21 పోతే 8. మళ్లీ 8 గంటల 46 నిమిషాలే. భోజనం అరగంట తీసేస్తే పని గంటలు 8:16.

అప్పు తెచ్చుకున్నది 60 అని చెప్పాను, 100 కాదు. మామూలు క్యాలిక్యులేటరుకి ఆ సంగతి తెలియదు. 30.38 లోంచి 21.52 తీయమంటే 8.86 చూపిస్తుంది. దాన్ని 8 గంటల 86 నిమిషాలు అనుకుని 9:26 అని రాసినవాళ్లున్నారు. అసలు దానికంటే సరిగ్గా 40 నిమిషాలు ఎక్కువ. ఈ పొరపాటు ఎప్పుడు జరిగినా తేడా 40 నిమిషాలే ఉంటుంది, ఎందుకంటే వందకీ అరవైకీ మధ్య తేడా అదే. మస్టరులో ఎక్కడైనా సరిగ్గా 40 నిమిషాల తేడా కనబడితే అక్కడ క్యాలిక్యులేటరు పని చేసిందని అనుమానించండి.

తీసివేతలో పొరపాటు కార్మికుడికి లాభం. కూడికలో మాత్రం అతనికే నష్టం. ఒక వారం చూద్దాం. ఆరు రాత్రులు, నికర గంటలు ఇవి: 8:16, 7:45, 8:30, 7:50, 8:05, 7:55. గంటలు విడిగా కూడితే 45. నిమిషాలు విడిగా కూడితే 201. 201ని 60తో భాగిస్తే 3 గంటల 21 నిమిషాలు. మొత్తం 48 గంటల 21 నిమిషాలు. వారానికి 48 దాటింది కాబట్టి 21 నిమిషాలు ఓటీ, దానికి రెట్టింపు రేటు.

అవే అంకెల్ని చుక్క పెట్టి క్యాలిక్యులేటరులో కూడండి. 8.16, 7.45, 8.30 అంటూ వెళ్తే ఎంత వస్తుంది? 47.01. నలభై ఎనిమిది దాటనే లేదు! ఓటీ మాయం. ఎవరూ కావాలని చేసింది కాదు, ఎవరి మీదా కోపం రాదు, అతను అడగడు కూడా.

చుక్క, రెండు చుక్కలు ఒకటి కావు. 8:30 అంటే ఎనిమిదిన్నర గంటలు, దశాంశంలో 8.5. నిమిషాల్ని 60తో భాగించాకే చుక్క పెట్టాలి. రేటుతో గుణించేటప్పుడు దశాంశం కావాలి, అంతవరకూ రెండు చుక్కలే ఉండనివ్వండి.

కంప్యూటరులో చేసేవాళ్లు నవ్వుతున్నారు, "మాకు ఎక్సెల్ ఉంది" అని. ఉంది, చూద్దాం. ఎక్సెల్‌కి రోజు అంటే 1. రాత్రి పది అంటే 0.9167, పొద్దున ఆరు అంటే 0.25. ఆరులోంచి పది తీయమంటే ఋణ సంఖ్య వస్తుంది, గడి నిండా ##### గుర్తులు పడతాయి. అందుకే ఈ సూత్రం వాడతారు. A2లో ఇన్, B2లో అవుట్:

```
=MOD(B2-A2,1)
```

ఋణం వస్తే దానికి ఒక రోజు కలిపి ఇస్తుంది. మన 21:52, 06:38కి 8:46 చక్కగా వస్తుంది. ఇక భోజనం అరగంటలు తీసేసిన నికర గంటల్ని వారం మొత్తం SUM చేస్తే కొందరికి 48:21 బదులు 0:21 కనబడుతుంది. గంటలు ఎక్కడికీ పోలేదు. గడి ఫార్మాట్ h:mm అని ఉంటే 24 దాటిన ప్రతిసారీ మళ్లీ సున్నా నుంచి చూపిస్తుంది. ఫార్మాట్‌లో గంటలకి కోష్ఠకం పెట్టి `[h]:mm` అని రాస్తే 48:21 కనబడుతుంది.

కానీ ఆ సూత్రానికి ఒక చెడ్డ గుణం ఉంది. అది ఎప్పుడూ ఫిర్యాదు చేయదు. పొద్దుటి ఏ షిఫ్టు మనిషికి ఇన్ 06:10, అవుట్ 14:05 కొట్టాల్సింది, పొరపాటున 2:05 అని కొట్టారనుకోండి. మామూలు తీసివేత అయితే ##### వచ్చి తప్పు బయటపడేది. MOD మాత్రం నిశ్శబ్దంగా 19:55 ఇస్తుంది. ఇన్, అవుట్ టైములు ఒకటే అయితే, అంటే ఇరవైనాలుగు గంటల డ్యూటీ చేసినవాడికి, సున్నా ఇస్తుంది. అందుకే నేను తేదీలు కూడా రాయమంటాను. A2లో ఇన్ తేదీ, B2లో ఇన్ టైము, C2లో అవుట్ తేదీ, D2లో అవుట్ టైము:

```
=(C2+D2)-(A2+B2)
```

రెండు గడులు ఎక్కువ కొట్టాలి, అంతే. తేదీ ఉంటే అర్ధరాత్రి సమస్యే ఉండదు. 16 గంటలు దాటినవి, 4 గంటలకి తక్కువైనవి ఎర్రరంగులో పడేలా పెట్టుకుని, వాటిని మాత్రం చేత్తో చూసుకోండి.

నేను వేసుకొచ్చిన కాగితంలో దీని తర్వాత రౌండింగ్ గురించి ఉంది. అది వదిలేస్తున్నాను. నా కడుపుమంట వేరే ఉంది, అది చెప్పకుండా దిగితే నిద్ర పట్టదు.

గంటలు సరిగ్గా వేశాక వాటిని ఏ తేదీ కింద రాస్తున్నారు? చేతులెత్తండి. అర్ధరాత్రి దగ్గర కోసి రెండు రోజులకి పంచేవాళ్లు ఎంతమంది? చూశారా, సగం హాలు. "తేదీ మారింది కదండీ" అంటారు. క్యాలెండరుకి మారింది, మనిషికి మారలేదు. మన పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతో. సోమవారం రాత్రి ఎక్కినవాడికి పొద్దున దిగేదాకా సోమవారమే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్ కూడా అదే అనేది, దాని చోట వచ్చిన కొత్త కార్మిక కోడ్ కూడా అంతే. అర్ధరాత్రి దాటి నడిచే షిఫ్టులో, దాటాక చేసిన గంటలు ముందు రోజు లెక్కలోకే వస్తాయి. అతనికి మరుసటి రోజు షిఫ్టు దిగినప్పుడు మొదలవుతుంది. వారపు సెలవు కూడా షిఫ్టు దిగినప్పటి నుంచి వరసగా 24 గంటలు.

కోస్తే ఏమవుతుందో చూడండి. ఒకాయన రాత్రి ఎనిమిదికి ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగాడు. మధ్యలో గంట విరామం, ఒంటిగంట నుంచి రెండు దాకా. నికరం 11 గంటలు. రోజు పరిమితి 9 అనుకుంటే 2 గంటలు ఓటీ. ఈ పరిమితి ఈ మధ్య కొన్ని చోట్ల మారింది, మీ యూనిట్‌కి వర్తించేదే వేసుకోండి, లెక్క తీరు మాత్రం ఇదే. ఇప్పుడు అర్ధరాత్రి దగ్గర కోయండి. మొదటి రోజుకి 4 గంటలు, రెండో రోజుకి 7. ఏ రోజూ తొమ్మిది దాటలేదు. రెండు గంటల రెట్టింపు జీతం గాలికి పోయింది. కూడిక, తీసివేత అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆడిటరు కూడా పట్టుకోలేడు, ఎందుకంటే మొత్తం 11 అలాగే ఉంది!

శనివారం రాత్రి మరీ ప్రమాదం. చట్టం లెక్కలో వారం శనివారం అర్ధరాత్రితో మొదలవుతుంది. శనివారం పదికి ఎక్కినవాడి ఎనిమిది గంటల్ని కోస్తే రెండు ఈ వారానికి, ఆరు వచ్చే వారానికి పోతాయి. అలా కాదు, ఎనిమిదీ ఈ వారానికే రాయాలి.

ఇక వేలిముద్ర మెషీన్లు. చాలా చోట్ల ఆ సాఫ్ట్‌వేరు తేదీలో మొదటి పంచ్ ఇన్ అని, చివరి పంచ్ అవుట్ అని పట్టుకుంటుంది. సి షిఫ్టు మనిషి మంగళవారం పొద్దున 06:10కి దిగి, మళ్లీ అదే రాత్రి 21:52కి ఎక్కాడు. మెషీను రిపోర్టులో 15 గంటల 42 నిమిషాలు పడుతుంది. అతను ఇంట్లో పడుకున్న టైము పనిగా, పని చేసిన టైము సెలవుగా రాసిందన్నమాట. వారంలో మొదటి రాత్రి ఒక్క పంచే ఉంటుంది కాబట్టి ఆ రోజు గైర్హాజరు.

దీనికి మందు రోజు మారే టైముని షిఫ్టుని బట్టి పెట్టుకోవడం. సి షిఫ్టుకి మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు 12 దాకా ఒకే రోజు అని పెట్టండి. అందరికీ ఒకే టైము పెడదామంటే కుదరదు. ఏ షిఫ్టు వాళ్లు 05:50కి ఎక్కుతుంటే సి వాళ్లు 06:10కి దిగుతుంటారు, మధ్యలో గీత గీయడానికి చోటే లేదు. అందుకే రోస్టరు ముందు మెషీనులో ఎక్కించాలి. అప్పుడు కూడా ఒకటి తప్పించుకుంటుంది. రిలీవరు రాక సి షిఫ్టు మనిషి పొద్దుటి ఏ షిఫ్టు కూడా చేసి 14:00కి దిగితే, ఆ అవుట్ పంచ్ మధ్యాహ్నం గీత దాటి మర్నాటికి పోతుంది. అలాంటి డబుల్ డ్యూటీలని సూపర్వైజరు చీటీ చూసి చేత్తోనే కలపాలి.

అమెరికాలో నర్సులుగా చేసే మన పిల్లలకి ఇంకో తలనొప్పి. మార్చి రెండో ఆదివారం అక్కడ చాలా రాష్ట్రాల్లో గడియారం ఒక గంట ముందుకి జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. శనివారం రాత్రి ఏడు నుంచి ఆదివారం పొద్దున ఏడు దాకా తీసివేత ఎప్పుడూ 12 అనే చెబుతుంది. నిజంగా చేసింది మార్చిలో 11, నవంబరులో 13. మన గడియారం జరగదు కాబట్టి ఈ బాధ మనకి లేదు.

మనకున్న బాధ నెలాఖరు. 31 రాత్రి ఎక్కినవాడి అవుట్ పంచ్ ఒకటో తేదీన ఉంటుంది. రిపోర్టు 1 నుంచి 31 దాకా తీస్తే ఆ అవుట్ రాదు, ఆ రాత్రికి సగం జీతమో, సున్నానో పడుతుంది. వచ్చే నెల రిపోర్టులో ఒకటో తేదీ పొద్దున ఇన్ లేని అవుట్ ఒంటరిగా కనబడుతుంది, దాన్ని తప్పు పంచ్ అని కొట్టేస్తారు. రెండు నెలల్లో ఎక్కడా ఆ ఎనిమిది గంటలు ఉండవు. అందుకని రిపోర్టు ఎప్పుడూ ఒకటో తేదీ మధ్యాహ్నం దాకా తీయండి, ఆ రోజు పొద్దున పడిన సి షిఫ్టు అవుట్‌లని 31కి కలపండి, తర్వాతే మూసేయండి.

రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు బయటికి తీయండి. పోయిన నెల ఒకటో తేదీ పొద్దున, ఇన్ లేకుండా అవుట్ మాత్రమే ఉన్న పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. టీ వచ్చేలోపు ఆ పేర్లన్నిటికీ ముందు నెల చివరి రాత్రి ఏం రాశారో చూద్దాం.