నోట్సు ఎక్కడుందని విద్యార్థి అడగనవసరం లేని టెలిగ్రామ్ ఛానల్

నమస్కారం. నేను గ్రూప్-2 అభ్యర్థులకు పాలిటీ బోధిస్తాను. ఛానల్ మొదలుపెట్టిన కొత్తలో నాకు తరచూ వచ్చే సందేశం ఒకటుండేది: "సార్, ప్రాథమిక హక్కుల నోట్సు మళ్లీ పెట్టండి." పెట్టిన నోట్సు ఛానల్‌లోనే ఉంది. కాకపోతే దాని మీద క్లాసు సమయాలు, సెలవులు, హాల్‌టికెట్ల కబుర్లు పేరుకుపోయాయి. ఆ చిక్కును నేను ఎలా విడదీసుకున్నానో ఈరోజు చూపిస్తాను.

ముందు ఛానల్ తెరుద్దాం. టెలిగ్రామ్‌లో కింద ఉన్న పెన్సిల్ గుర్తు నొక్కి New Channel ఎంచుకోండి. గ్రూప్ వద్దు. గ్రూప్‌లో అందరూ రాస్తారు; ఒక్క నోట్సు కోసం యాభై శుభోదయాలు దాటాలి. ఛానల్‌లో మీరు, మీరు నియమించిన అడ్మిన్లు మాత్రమే రాస్తారు. చేరినవాళ్ల జాబితా తోటి విద్యార్థులకు కనిపించదు. ఆలస్యంగా చేరిన విద్యార్థికి కూడా మొదటి రోజు నుంచి పెట్టినవన్నీ దొరుకుతాయి.

తర్వాత Public, Private అని అడుగుతుంది. ఫీజు కట్టిన బ్యాచ్ కోసమైతే Private పెట్టండి. ఆహ్వానపు లింకు తయారుచేసేటప్పుడు Request Admin Approval ఆన్ చేస్తే, లింకు ఎవరి చేతికి వెళ్లినా మీరు ఒప్పుకుంటేనే లోపలికి వస్తారు. ఛానల్ సెట్టింగుల్లో Restrict Saving Content అని ఇంకొకటి కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే పోస్టులను ఫార్వర్డ్ చేయలేరు, ఫైళ్లను దాచుకోలేరు. నేను ఆన్ చేయను. నా విద్యార్థుల్లో సగం మంది పీడీఎఫ్‌ను జిరాక్సు షాపుకు తీసుకెళ్లి కాగితం మీద చదువుతారు. దొంగకు భయపడి వాళ్ల దారి మూయడం నాకు నచ్చలేదు. పైగా ఇంకో ఫోనుతో తెరను ఫోటో తీసేవాడిని ఏ సెట్టింగూ ఆపలేదు.

ఇప్పుడు అసలు పని. ఛానల్‌లో మొట్టమొదటి పోస్టుగా "విషయ సూచిక" అని రాసి పంపండి. దాన్ని నొక్కి Pin చేయండి. ఇక ఎన్ని పోస్టులు వచ్చినా అది తెర పైభాగంలో పట్టీలా కనిపిస్తుంది.

తర్వాత నోట్సు పెట్టండి. ఫైలు పేరు మీద కాస్త శ్రద్ధ పెట్టాలి. స్కానర్ ఇచ్చిన అంకెల పేరుతోనే పంపితే విద్యార్థి ఫోనులో అది ఏ ఫైలో తెలియదు. నేను Polity_07_Fundamental_Rights.pdf అని పెడతాను. ఏడు అంటే ఏడో పాఠం. పంపాక ఆ పోస్టును నొక్కితే Copy Link వస్తుంది. ప్రతి పోస్టుకూ దాని సొంత లింకు ఉంటుంది, మనకు కావలసింది అదే.

సూచిక దగ్గరికి వెళ్లి Edit నొక్కండి. "7. ప్రాథమిక హక్కులు" అని రాసి, ఆ మాటలను సెలెక్ట్ చేయండి. వచ్చే మెనూలో ఫోనును బట్టి Create Link అనో Link అనో ఉంటుంది. అక్కడ కాపీ చేసిన లింకు అతికించి సేవ్ చేయండి. ఇప్పుడు ఆ వరుసను నొక్కి చూడండి: నేరుగా నోట్సు దగ్గరికి వెళ్లిపోయింది. ఛానల్‌లో అడ్మిన్ తన పోస్టును ఎన్ని నెలల తర్వాతైనా మార్చుకోవచ్చు కాబట్టి, వారం వారం ఒక వరుస చేర్చుకుంటూ పోవచ్చు. ఒక సందేశంలో 4,096 అక్షరాలకు మించి పట్టవు. పాలిటీకి అది సరిపోతుంది. చరిత్ర, ఎకానమీ కూడా చెప్పేవారు ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో సూచిక పెట్టి, అన్నిటినీ పిన్ చేసుకోండి.

ఇక నేను తప్పటడుగు వేసిన చోటు. ఆ ఏడో నోట్సులోనే ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించింది 42వ సవరణ అని రాశాను. నిజానికి అది 1978 నాటి 44వ సవరణ. పొరపాటు తెలియగానే అదే పోస్టును ఎడిట్ చేసి పాత పీడీఎఫ్ స్థానంలో కొత్తది పెట్టాను. లింకు మారలేదు, సూచిక చెదరలేదు. హమ్మయ్య అనుకున్నాను. పది రోజుల తర్వాత పెట్టిన టెస్టులో చాలా మంది 42 అనే గుర్తించారు.

కారణం చిన్నదే. ఎడిట్ చేస్తే ఎవరి ఫోనూ మోగదు. ముందే దించుకున్నవారి దగ్గర, ముద్రించుకున్నవారి దగ్గర పాత కాపీయే ఉండిపోతుంది. అందుకే ఇప్పుడు ఫైలు మార్చాక విడిగా ఒక పోస్టు పెడతాను: "7వ నోట్సు, 3వ పేజీ: 42 కాదు, 44వ సవరణ. పెన్నుతో దిద్దుకోండి." కింద ఆ నోట్సు లింకు ఇస్తాను. క్లాసు సమయం మారినా అంతే, పాత ప్రకటనను దిద్ది ఊరుకోను, కొత్తది పంపుతాను.

రాత్రి పదకొండుకు నోట్సు సిద్ధమైతే పంపే బాణం గుర్తును నొక్కి పట్టుకోండి. Schedule Message తో ఉదయం ఆరుకు వెళ్లేలా పెట్టవచ్చు, లేదా Send Without Sound తో చప్పుడు లేకుండా అప్పుడే పంపేయవచ్చు. షెడ్యూల్ చేసిన నోట్సుకు పోస్టు లింకు అది వెళ్లాకే దొరుకుతుంది. కాబట్టి సూచికలో ఆ వరుసను ఉదయం కాఫీ తాగుతూ చేర్చుకోవలసిందే.