అడుగు పద్దెనిమిది వందల ఇల్లు

(నరసరావుపేట శివారులోని ఒక లేఅవుట్ ప్లాట్ల యజమానుల సమావేశంలో, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ఇంజినీరు చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఎండలో ఇంత దూరం వచ్చిన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. శాలువాల కార్యక్రమం చివరికి పెట్టుకుందామని అధ్యక్షుల వారిని అడిగాను, వారు ఒప్పుకున్నారు. మీలో పదకొండు మంది ఈ శ్రావణంలో శంకుస్థాపన చేస్తున్నారట. ఇక్కడికి వస్తుంటే గేటు దగ్గర నలుగురు ఆపి ఒకటే ప్రశ్న వేశారు: "సార్, ఎస్‌ఎఫ్‌టీ ఎంతకి మాట్లాడుకోమంటారు?"

నాలుగేళ్ల క్రితం మా చెల్లెలు కూడా ఫోన్ చేసి ఇదే అడిగింది. "అన్నయ్యా, మెటీరియల్‌తో సహా అడుగు 1,800 అంటున్నాడు, సరేనా?" అంది. నేను బస్సులో ఉన్నాను. "రేటు బాగానే ఉందమ్మా, కానిచ్చెయ్యి" అన్నాను. ముప్పై ఏళ్లు ఎస్టిమేట్లు వేసినవాణ్ణి. ఆ అడుగులో ఏముందో, ఆ అడుగు దేన్ని కొలిచి లెక్కగట్టేదో ఒక్క మాట అడగలేదు. ఆ ఒక్క జవాబు ఖరీదు మీకు చెప్పాలనే ఇవాళ వచ్చాను.

ఆమెది 200 గజాల ప్లాటు, ముప్పై అడుగులకి అరవై. ఊరు ఇక్కడికి పది కిలోమీటర్లు, నేల ఇదే నల్లరేగడి. ప్లానులో ఇల్లు 1,200 చదరపు అడుగులు. 1,800 చొప్పున 21,60,000. దానికి పది శాతం, అంటే 2,16,000 అనుకోని ఖర్చుకు విడిగా పక్కన పెట్టుకుంది. బావగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు, బ్యాంకు లోను కలిపితే అక్కడికి సరిగ్గా సరిపోయింది. గృహప్రవేశం నాటికి మొత్తం 33,54,000 అయింది. 21,60,000 మీద అదనం పన్నెండు లక్షలకు ఆరు వేలే తక్కువ. ఎస్టిమేటు పెరిగిందని బ్యాంకు లోను పెంచలేదు. మెడలోది, చేతులవి అమ్మింది. మేడ మీద గోడలకు ఇప్పటికీ రంగు లేదు.

ఊళ్లో అందరూ "ఆ ఏడాది ఇనుము రేటు ముంచింది" అన్నారు. మా చెల్లెలూ అదే అనుకుంది. 2022 వేసవిలో ఇనుము మండిన మాట నిజం. మే నెలలో కేంద్రం ఉక్కు ఎగుమతుల మీద సుంకం వేశాకే రేట్లు దిగాయి. అయితే లెక్క చూడండి. మామూలు ఇంటికి అడుగుకు నాలుగు కిలోల ఇనుము వేసుకుంటాం. 1,200 అడుగులకు 4,800 కిలోలు. కిలో 60 దాటితే తేడా ఓనరే భరించాలని అగ్రిమెంటులో ఉంది. 75కి కొన్నారు. కిలోకి పదిహేను చొప్పున 72,000. పన్నెండు లక్షల్లో ఇనుము వంతు అంతే. మిగతా పదకొండు లక్షలు ఎక్కడ పోయాయి?

రెండో దెబ్బ భూమిలో తగిలింది. పునాది గుంతలు అయిదు అడుగులని లెక్కవేశారు. అయిదు అడుగులకీ రేగడే, ఎనిమిది అడుగుల దగ్గర గానీ గట్టి నేల తగల్లేదు. రేగడి సంగతి మీకు నేను చెప్పేదేముంది, వేసవిలో చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది, వానకు ఉబ్బుతుంది. దాని మీద పునాది నిలిపితే నాలుగేళ్లలో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా గోడ చీలుతుంది. అందుకని లోతుకు పోక తప్పలేదు, ఫుటింగులు పెద్దవి చెయ్యక తప్పలేదు, గుంత చుట్టూ తీసిన రేగడినే మళ్లీ పూడ్చకుండా గ్రావెల్ తోలించక తప్పలేదు. పన్నెండు పిల్లర్లకీ కలిపి 95,000. ఈలోగా పంచాయతీ వాళ్లు రోడ్డు ఎత్తు చేశారు. రెండడుగుల బేస్‌మెంటు మూడున్నర అయింది. ఆ అడుగున్నరకు గోడా, లోపల ఫిల్లింగూ కలిపి 70,000. ఫిల్లింగు లెక్కలో ఒక మెలిక ఉంది. గదుల కొలత కట్టి వచ్చినంత మట్టి తోలిస్తే చాలదు. తడిపి కొడితే కుంగుతుంది, పాతిక శాతం ఎక్కువ తోలించాలి. సరిగా కొట్టకపోతే ఆ కుంగుడు తర్వాత మీ టైల్స్ కింద కనబడుతుంది, తట్టి చూస్తే డొల్లగా మోగుతాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇనుము 72,000, భూమిలోది 1,65,000, కలిపితే 2,37,000. ఆమె పక్కన పెట్టుకున్నది 2,16,000. ఎంత తేడా? ఇరవై ఒక్క వేలు! అంటే పది శాతం పెట్టుకోవడంలో ఆమె తప్పేం లేదు. ముందుగా ఎవరికీ తెలియని ఖర్చును ఆ పది శాతం దాదాపు మోసేసింది. ఈ లెక్క నాకు ఇల్లు పూర్తయిన ఏడాదికి గానీ తట్టలేదు. అన్ని బిల్లులూ ముందేసుకుని కూర్చుంటే తెలిసింది. మిగిలిన 9,57,000లో అనుకోని ఖర్చు ఒక్క రూపాయి లేదు. అంతా సంతకం పెట్టేనాటికే కళ్లెదుట ఉన్నదే.

అందులో పెద్దది ఇంటి బయట ఉంది. అడుగు రేటు గోడల మధ్య ఇంటికి. నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, మోటారు, కాంపౌండ్ వాల్, గేటు, కరెంటు కనెక్షను, ప్లాను ఫీజు, ఇవేవీ అందులో లేవు. ఇవి లేకుండా ఇంట్లో ఒక్క పూటైనా ఉండగలమా అమ్మా? తూర్పు వైపు పక్కింటి వాళ్ల గోడ ఉంది కాబట్టి కాంపౌండ్ 120 అడుగులతో సరిపోయింది, అయినా 1,20,000. అన్నీ కలిపి 4,25,000. మీ ఇంటి కొలత ఎంత చిన్నదైనా ఈ ఖర్చు తగ్గదు, ఎందుకంటే ఇది ప్లాటును బట్టి వచ్చేది. అందుకే చిన్న ఇల్లు కట్టేవాళ్లకు అడుగు లెక్క ఎక్కువగా మోసం చేస్తుంది. దీన్ని అడుగుల్లో కలపకండి, వేరే కాగితం మీద ఒక్కొక్కటీ రాసి రేటు అడగండి.

రెండోది కొలత. మనం అనుకున్నది 1,200. మేస్త్రి టేపు పట్టింది స్లాబు అంచు నుంచి. పోర్టికో, బయటికొచ్చిన స్లాబు కలిపి 90 అడుగులు, మెట్ల మీది హెడ్‌రూము 100 అడుగులు సగం లెక్కన 50. మొత్తం 140 అడుగులు ఎక్కువ తేలాయి, 1,800తో హెచ్చిస్తే 2,52,000. ఆయన దొంగ లెక్క చెప్పాడని నేను అనను. మా వైపు చాలామంది మేస్త్రీలు స్లాబు కొలతే కొలుస్తారు. ఏది కొలుస్తారో అగ్రిమెంటులో రాయలేదు, అంతే. స్లాబు వేశాక టేపు పట్టి దెబ్బలాడితే పని ఆగుతుంది. పని ఆగితే అద్దె మనకే. అదే ముందు కూర్చుంటే, ప్లాను మీద ఎర్ర పెన్సిలుతో "ఇది ఫుల్లు, ఇది సగం, దీనికి లెక్క లేదు" అని గీసి ఇద్దరూ సంతకం పెట్టడానికి పావుగంట పడుతుంది. ఎదుటివాడు దానికి ఒప్పుకోకపోతే ఆ రేటు రేటే కాదు.

మూడోది చెప్తే ఆడవాళ్లు నన్ను కోప్పడతారు. కానీ మా ఇంట్లో అడిగింది మా బావగారే. ఒప్పందంలో టైల్స్ అడుగు 45 రూపాయలవి. గుంటూరు షాపులో 85వి నచ్చాయి. 1,200 అడుగులకు 48,000. సింహద్వారానికి టేకు, 35,000. మాడ్యులర్ కిచెన్, అదనపు పాయింట్లు, లైట్లు. అన్నీ కలిపి 2,80,000. కోరుకోవద్దని నేనెలా అంటాను, జీవితంలో ఒకసారి కట్టే ఇల్లు. ఆ కోరికను శంకుస్థాపనకు ముందే షాపుకు వెళ్లి తేల్చుకోమంటాను. స్లాబు పడ్డాక "ఇంకేముంది, అయిపోయినట్టే" అనిపిస్తుంది, చేతిలో కాస్త డబ్బు కనబడుతుంది. స్లాబు పడేనాటికి ఖర్చు సగమే అయి ఉంటుంది. ప్లాస్టరింగు, కరెంటు, ప్లంబింగు, తలుపులు, ఫ్లోరింగు, రంగులు, మిగతా సగం వాటిది. మా చెల్లెలు అప్పటికే కాంట్రాక్టరుకు నూటికి డెబ్బై ఇచ్చేసింది. ఆయన మనిషి చెడ్డవాడు కాడు, కానీ ఆ తర్వాత ఆయన ఫోను తియ్యడానికి తొందరపడలేదు.

ముహూర్తం గురించి కూడా చెప్పాలి, ఇది నేను రాసుకొచ్చిన మాటల్లో లేదు, గుర్తొచ్చింది. మాఘంలో ముహూర్తం అన్నారని చివరి రెండు వారాలు రాత్రిళ్లు లైట్లు పెట్టి పనిచేయించారు. తడి ఆరకుండానే పుట్టీ పెట్టారు. ఆ పెయింటు తర్వాతి వానాకాలానికి పొక్కులు లేచింది. పంతులుగారు అడిగితే ఇంకో మంచిరోజు చెప్పేవారు, మనం అడగలేదు.

ఇప్పుడు మీ సంగతి. మరి కాంటింజెన్సీ, అదే అనుకోని ఖర్చుల సొమ్ము, ఎంత పెట్టాలంటారా? పక్క ప్లాటులో గుంత తవ్వి నేల ఏమిటో తెలిసినవాళ్లకు పది శాతం చాలు. తెలియని రేగడి అయితే పదిహేను. కానీ ముందు పైన చెప్పినవన్నీ ఎస్టిమేటులో రాశాకే, ఆ మొత్తం మీద ఈ శాతం. మా చెల్లెలి కాగితం అలా రాసి ఉంటే ఇంటి విలువ మొదటే 31,17,000 అని కనబడేది. అప్పుడు ఆమె ఇల్లు వెయ్యి అడుగులకు కుదించుకునేది, లేకపోతే కిచెన్ రెండేళ్ల తర్వాత పెట్టుకునేది. బంగారం అమ్మే దాకా వచ్చేది కాదు.

ఆ కాంటింజెన్సీ సొమ్ములో సగం, బేస్‌మెంటు మీద వచ్చే ప్లింత్ బీము పడేదాకా భూమి కోసం ఉంచండి. ప్లింత్ దాటాక మిగిలితే దాన్ని టైల్స్‌కు మళ్లించకండి, రంగులు పూర్తయ్యేదాకా అలాగే కదలకూడదు. అగ్రిమెంటులో ఈ మాట రాయించండి: పునాది ఇన్ని అడుగుల దాకా రేటులో కలిసి ఉంది, అంతకన్నా లోతుకు పోతే తవ్వకానికి ఘనపుటడుగుకు ఇంత, కాంక్రీటుకు ఇంత, ఇనుము కిలోకి ఇంత. గుంతలో నీళ్లు నిలిచి, పనివాళ్లు కూర్చున్న రోజున బేరం ఆడితే మనం గెలవం.

వెనక వరసలో కాగితం పట్టుకున్న తమ్ముడూ, మీ అగ్రిమెంటు చదివారా? "బేస్‌మెంటు ఫిల్లింగ్ ఓనర్ పరిధి" అని ఎక్కడో చిన్నగా ఉంటుంది, చూడండి. ఉందా? ఉంది కదా. అది మీ లెక్కలో వేశారా? లేదు. సంతకం పెట్టలేదు కదా? మంచిది.

నా మాటకన్నా గొయ్యి బాగా చెబుతుంది. మీ సంఘం ఒప్పుకుంది కాబట్టి వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మూల ప్లాటులోనూ, చెరువు వైపు చివరి ప్లాటులోనూ జేసీబీతో తొమ్మిదేసి అడుగుల గుంతలు తవ్విస్తున్నాం. రేగడి ఎక్కడిదాకా ఉందో, గట్టి నేల ఏ లోతులో ఉందో కళ్లారా చూసి, టేపు పెట్టి రాసుకోండి. మీ మేస్త్రిని కూడా వెంటబెట్టుకు రండి. జేసీబీ ఖర్చు పదకొండు మందికీ పంచితే ఒక్కొక్కరికి పెద్దగా పడదు. మా చెల్లెలు కూడా వస్తానంది, తన బిల్లుల ఫైలు పట్టుకుని. ఏ ఖర్చు ఎప్పుడు పడిందో ఆమెనే అడగండి, తారీఖుతో సహా చెబుతుంది.