కేస్ షీట్ల ఆడిట్: సమ్మతి మినహాయింపు ఎలా అడగాలి

[తెర మీద: రికార్డు గదిలో కట్టలు కట్టిన కేస్ షీట్లు]

నమస్తే. అనంతపురం వైపు వానలు పడి శెనక్కాయ చేలల్లో పని మొదలైతే, క్యాజువాలిటీకి పాముకాట్లు వస్తూనే ఉంటాయి. ఒక పీజీ పోయిన రెండేళ్ల కేస్ షీట్లు చూద్దామనుకున్నారు అనుకుందాం. గాజు గొట్టంలో రక్తం 20 నిమిషాలు ఉంచి గడ్డకట్టిందో లేదో చూసే పరీక్ష చేశారా? మనిషి వచ్చిన ఎన్ని నిమిషాలకు విరుగుడు మందు ఎక్కింది? ఆయనకు కావలసింది ఇంతే.

"ఆడిట్టే కదా, ఎథిక్స్ కమిటీ ఎందుకు?" అని ఆయన గైడ్‌ని అడుగుతారు. సమీక్ష అక్కర్లేదని తేల్చాల్సింది కూడా కమిటీయే, మనం కాదు. అదీ షీట్లు తెరవకముందే.

[తెర మీద: కమిటీకి పెట్టే అధ్యయన సారాంశంలో సమ్మతి పేరా]

సమ్మతి దగ్గర చాలామంది "రోగులను కలవడం కష్టం" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. అది చాలదు. పాత రికార్డులపై చేసే అధ్యయనంలో రోగుల గుర్తింపు తీసేసినప్పుడో, వాళ్లను సంప్రదించే వీలు లేనప్పుడో కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర ఆ రెంటిలో ఏది ఉందో విప్పి రాయాలి. ఉదాహరణకు: "చాలామంది కూలి పనికి వలస వెళ్లారు, షీట్లలోని ఫోన్ నంబర్లు బంధువులవి. దొరికినవారినే తీసుకుంటే చనిపోయినవారూ, వలస వెళ్లినవారూ లెక్కలోంచి జారిపోతారు, ఫలితం తప్పుతుంది. చికిత్సలో మార్పేమీ ఉండదు."

[తెర మీద: డేటా పట్టిక, కొన్ని గడులు కొట్టేసి ఉంటాయి]

అసలు చిక్కు గోప్యతలో ఉంది. పేరు, ఐపీ నంబరు కొట్టేస్తే సరిపోతుందనుకుంటాం. "45 ఏళ్ల మహిళ, ఫలానా ఊరు, ఆగస్టు 12, పాముకాటు, మృతి" అని రాసి చూడండి. ఆ ఊళ్లో ఎవరినడిగినా ఆమె పేరు చెబుతారు! అందుకే ఊరి పేరు అసలు తీసుకోవద్దు. తేదీకి బదులు వచ్చినప్పటి నుంచి మందు ఎక్కేదాకా పట్టిన నిమిషాలు, వయసుకు బదులు పదేళ్ల వర్గం రాసుకుంటే చాలు. ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది. మెడికో లీగల్ నంబరు గడి పట్టికలో ఉండనే కూడదు.

ప్రతి షీటుకూ ఒక కోడ్ ఇస్తారు. ఏ కోడ్ ఏ ఐపీ నంబరుదో చెప్పే జాబితా ఉన్నంతకాలం అది అనామక డేటా కాదు, కోడ్ వేసిన డేటా మాత్రమే. సారాంశంలో ఆ మాటే రాయండి. జాబితా ఎవరి బీరువాలో ఉంటుందో, సరిచూసుకోవడం అయ్యాక ఎప్పుడు చింపేస్తారో కూడా చెప్పాలి. షీట్లను ఫోన్‌లో ఫొటోలు తీయబోమని, రికార్డు గదిలోనే కూర్చుని రాసుకుంటామని చేర్చండి. నా మట్టుకు, ఎక్కువ లీకయ్యేది ఆ ఫొటోల దగ్గరే అనిపిస్తుంది.

[తెర మీద: ఫోన్ బొమ్మ మీద అడ్డగీత]

మరో సంగతి. మధ్యలో "ఇంటికెళ్లాక వాళ్లకు మూత్రపిండాలు ఎలా ఉన్నాయో ఫోన్ చేసి కనుక్కుందాం" అనిపిస్తే, ఈ మినహాయింపు దానికి వర్తించదు. సవరణ దరఖాస్తు పెట్టుకుని, అనుమతి వచ్చాకే, వాళ్ల సమ్మతితో మాట్లాడాలి.