‘ధర’ అని రాసుకున్న ఆర్డర్

అందరికీ నమస్కారం. తిరుపతిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు వేబ్రిడ్జి తూకం, రైతుల బిల్లులు చూసే ప్రోగ్రామ్ అమ్ముతాం. చేజారిన ఒక్క ఆర్డర్ గురించి చెబుతాను.

చిత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీ ఓనరు మాతో మూడు నెలలు మాట్లాడి, చివరికి వేరే కంపెనీకి ఇచ్చారు. మా సేల్స్ అబ్బాయి రికార్డులో ఒక్క మాట రాశాడు: ‘ధర’. అబద్ధమేమీ కాదు, ఓనరు అతనితో అన్నది అదే. మూడు నెలలు తిరిగిన మనిషి మొహం మీద "మీది నచ్చలేదు" అని ఎవరంటారు? రేటు ఎక్కువైందంటే ఎవరూ నొచ్చుకోరు. అది విని రేటు పది శాతం తగ్గించేద్దామనుకున్నాను.

ఎందుకైనా మంచిదని, ఆ అమ్మకంతో సంబంధం లేని మా అకౌంట్స్ మేడమ్‌ను పంపాను. అప్పటికి ఆర్డర్ పోయి మూడు వారాలైంది. ఇంకా ఆగితే, తోతాపురి లోడ్లు మొదలయ్యాక ఓనరుకు తీరికుండదు, జరిగింది గుర్తూ ఉండదు. "సార్, మళ్ళీ అమ్మడానికి రాలేదు" అని ముందే చెప్పింది, ఆ మాట మీదే నిలబడింది. మమ్మల్ని ఎందుకు వద్దన్నారని అడగలేదు. "కొత్త ప్రోగ్రామ్ కావాలని మొదట ఎప్పుడనిపించింది సార్?" అంది.

ఆయన పోయిన సీజన్‌లో ఒక రాత్రి సంగతి ఎత్తుకున్నారు. నెట్ పోయింది, స్లిప్ రాలేదు, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి, రైతులు గొడవకు దిగారు. మధ్యలో ధర మాట మళ్ళీ వచ్చింది. "రేటు ఇద్దరిదీ ఒకటే అయ్యుంటే?" అని ఆమె అడిగి ఊరుకుంది. కాసేపటికి ఆయన, "అయినా వాళ్ళకేనమ్మా. మా వేబ్రిడ్జి పిల్లోడు వాళ్ళదే కావాలన్నాడు" అన్నారు.

ఆ కంపెనీవాళ్ళు తూకం గదికి వెళ్ళి, నెట్ కేబుల్ పీకి, స్లిప్ ప్రింట్ చేసి చూపించారట. మేము ఓనరు గదిలో రిపోర్టులు చూపించి వచ్చాం. నెట్ లేకపోయినా మా ప్రోగ్రామూ నడుస్తుంది! ఎవరికీ చూపించలేదు, అంతే. పది శాతం తగ్గించినా ఆ ఆర్డర్ వచ్చేది కాదు.

ఒక్కరి మాటతో తేల్చుకోకూడదు. కొన్నాక ప్రతివాళ్ళూ తాము చేసిందే సరైనదని చెప్పుకుంటారు. అందుకే అభిప్రాయం కాదు, జరిగింది అడగాలి: ఆ రోజు గదిలో ఎవరున్నారు, ఏ మాట దగ్గర మా పేరు పక్కకు పోయింది అని. మొత్తం తొమ్మిది మందిని కలిశాం, నలుగురు మా దగ్గర కొన్నవాళ్ళే. వాళ్ళలో ఒకరు, "మీ సర్వీస్ అబ్బాయి చిత్తూరులోనే ఉంటాడని తీసుకున్నాం గానీ, నెట్ పోతే ఎలాగన్న భయం మాకూ ఉండింది" అన్నారు. ఓడిన చోట్లే అడిగుంటే, గెలిచిన చోటా ఆ భయం ఉందని తెలిసేది కాదు.

ఇప్పుడు మా డెమో తూకం గదిలోనే మొదలవుతుంది. కేబుల్ పీకేది అక్కడి ఆపరేటరే. చేజారిన అయిదు ఆర్డర్లలో ఒకటి మాత్రం ఎన్ని రకాలుగా అడిగినా ధర దగ్గరికే వచ్చింది. దాని పక్కన ‘ధర’ అనే ఉంచాం.