మడత మీద పడిన బుటా

అందరికీ నమస్కారం.

మా అక్క కూతురు ఆమధ్య నాకు రెండు ఫొటోలు పంపింది. ఒకటి వాళ్ళ నాయనమ్మది: గద్వాల చీర, నిండా జరీ బుటాలు, ఎర్రటి అంచు, అంచు పైన వరసగా చిన్న చిన్న కోటకొమ్మలు. రెండోది చుడీదార్‌లో నిలబడి ఉన్న తనది. "మామయ్యా, నాయనమ్మ చీర నాకు కట్టి పంపవా?" అని కింద రాసింది. చీర ఇంకా బీరువాలోనే ఉంది. ఉంటే కట్టుకోవచ్చు కదా అంటారేమో. ఏళ్ళ తరబడి మడతలో ఉండి, మడత పెట్టిన చోటల్లా పట్టు చీలిపోయింది. కడితే చిరుగుతుంది.

ఒక ఫొటోలోని బట్టను ఇంకో ఫొటోలోని మనిషికి తొడిగే ఏఐ టూల్ ఒకటి నాకు తెలుసు. దాంట్లో రెండు ఫొటోలూ పెట్టాను. నిమిషంలో బొమ్మ వచ్చింది. ఫోన్‌లో చూసి అందరం మురిసిపోయాం, అక్క తప్ప. అక్క ఫొటో పెద్దది చేసి చూసి, "ఇది కట్టిన చీర కాదురా, కుట్టిన గౌను. కుచ్చిళ్ళ మీద బుటా తెగకుండా ఎలా ఉంటుంది?" అంది. ఆ మాట దగ్గరే కాసేపు ఆగుదాం.

ఒక కుచ్చిలి వెడల్పు అయిదు అంగుళాలనుకోండి. వెళ్ళేటప్పుడు అయిదు, మడిచి వెనక్కి వచ్చేటప్పుడు అయిదు, మొత్తం పది అంగుళాల గుడ్డ ఒక్క కుచ్చిలిలో పోతుంది. బయటికి నిండుగా కనబడేది అన్నిటికన్నా పైనున్న కుచ్చిలి ఒక్కటే. మిగతావి ఒకదాని వెనక ఒకటి నక్కి, అంగుళం అంగుళం అంచులే చూపిస్తాయి. ఈ చీరలో బుటా వెడల్పు అంగుళంన్నర. అంగుళం పట్టీలో అంగుళంన్నర బుటా ఎలా పడుతుంది? ఒకచోట సగం, ఇంకోచోట కొస మాత్రం కనబడాలి, మరోచోట అసలేమీ కనబడకూడదు. నాకు వచ్చిన బొమ్మలో ప్రతి కుచ్చిలి నడుమా ఒక బుటా ముద్దుగా, నిండుగా కూర్చుంది. ముందు గుడ్డ మడిచి, తర్వాత పైన అద్దినట్టు.

యంత్రం ఇలా చేయడానికి కారణం ఉంది. ఫొటోలో మనిషి ఒంటి మీది బట్టను ముందు మాస్క్‌తో కప్పేస్తారు. చీర ఫొటోను చూస్తూ ఆ ఖాళీని యంత్రం నింపుతుంది. బుటా ఎలా ఉంటుందో దానికి తెలుసు, మడత ఎలా ఉంటుందో తెలుసు. ఆ మడత లోపల ఎంత గుడ్డ దాక్కుందో మాత్రం తెలీదు. అది చదువుకున్న పాఠాలు కూడా అలాంటివే. ఈ పనికి ఎక్కువగా వాడే డేటాసెట్లలో ఒకటైన VITON-HD నిండా ఆడవాళ్ళ టాప్‌లే. DressCode అనే ఇంకోదాంట్లో పై బట్టలు, కింది బట్టలు, గౌన్లు అని మూడు వర్గాలు. అయిదున్నర మీటర్ల కుట్టని గుడ్డకు ఆ మూడింట్లోనూ చోటు లేదు. నేను గౌన్ల వర్గం ఎంచుకున్నాను, గౌనే వచ్చింది. అక్క తప్పేమీ చెప్పలేదు.

ఇంకో తప్పు నాదే. పిల్ల చుడీదార్ ఆకారం మీదే మాస్క్ గీశాను. కాళ్ళ మధ్య సందు మాస్క్ బయటే ఉండిపోయింది కాబట్టి చీర కూడా కింద రెండుగా చీలింది. రెండోసారి నడుము నుంచి పాదాల దాకా చీర ఎంత వెడల్పు పరుచుకుంటుందో అంతా కలిపి కప్పాను. ఎడమ భుజం వెనక పైట వేలాడే చోటును కూడా కలిపాను. చేతివేళ్ళను, గాజులను మాత్రం వదిలేశాను. వాటిని కూడా కప్పితే కొత్త వేళ్ళు మొలుస్తాయి, లెక్క తేలదు.

పైట అంటే గుర్తొచ్చింది. పిల్ల పంపింది సెల్ఫీ కెమెరాతో తీసిన ఫొటో, అద్దంలోలా కుడిఎడమలు తారుమారై సేవ్ అయింది. పైట వేసి చూశాక గానీ తెలీలేదు. "దీని ముక్కుపుడక ఇటు పక్కకెప్పుడొచ్చింది?" అని అక్కే పట్టుకుంది. మీరు పని మొదలుపెట్టే ముందే ముక్కుపుడకో, చేతి గడియారమో, గోడ మీది అక్షరాలో చూసుకోండి. తేడా ఉంటే అప్పుడే ఫొటోను కుడిఎడమలు మారేలా తిప్పేయండి.

ఇక అంచు. కోటకొమ్మలు అలలుగా కరిగిపోయాయి. దీనికి చిన్న లెక్క ఉంది. బొమ్మ ఎత్తు 1024 పిక్సెళ్ళు. అందులో భుజం నుంచి పాదం దాకా 800 అనుకుంటే, అసలు మనిషిలో అది దాదాపు 50 అంగుళాలు. అంటే అంగుళానికి 16 పిక్సెళ్ళు. అర అంగుళం కోటకొమ్మకు దక్కేది ఎనిమిదే. ఇలాంటి మోడళ్ళు చాలావరకు బొమ్మను ముందు ఎనిమిదో వంతుకు కుదించుకుని పని చేస్తాయి. ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు పిక్సెళ్ళు కలిపి ఒక్క గడి. మన కోటకొమ్మ మొత్తం ఒకే గడిలో ఇరుక్కుపోయింది, ఇక దాని కోణాలు ఎక్కడ మిగులుతాయి? అందుకని ఫొటోను నడుము దగ్గర రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడిగా అదే 1024 ఎత్తులో చేయించాను. అంగుళానికి 25 పిక్సెళ్ళు దాటాయి, కొమ్మలు కొమ్మల్లా నిలబడ్డాయి. రెండు ముక్కల అతుకు నడుము మడతల్లో కలిసిపోయింది.

కుచ్చిళ్ళను మాత్రం యంత్రానికి వదల్లేదు. బీరువాలోంచి చీర తీసి, మంచం మీద పరిచి, కిటికీ వెలుగులో నిటారుగా పైనుంచి ఫొటో తీశాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫొటోలోంచి ఒక్కో కుచ్చిలికి ఒక్కో పట్టీ కత్తిరించాను. పైనున్న కుచ్చిలికి అయిదు అంగుళాల నిండు పట్టీ, దాని వెనకదానికి అక్కడి నుంచి పది అంగుళాలు జరిగి ఒక అంగుళం, మళ్ళీ పది జరిగి ఇంకో అంగుళం. వాటిని కుచ్చిళ్ళ వంపుకు తగ్గట్టు వార్ప్ చేసి పేర్చాను. యంత్రం ఇచ్చిన బొమ్మలో నీడలు మాత్రం బాగున్నాయి. అందుకని ఆ భాగంలో రంగు తీసేసి, కాస్త బ్లర్ చేసి, పట్టీల పైన `Multiply` లేయర్‌గా పెట్టాను. బ్లర్ చేయకపోతే యంత్రం వేసిన దొంగ బుటాలు నలుపుతెలుపుల్లో కూడా దెయ్యాల్లా కనబడతాయి.

దీంట్లో ఒక చిక్కు మిగిలింది. `Multiply` చీకటి చేయగలదు గానీ మెరుపు తేలేదు. జరీ మెరుపు కాంతి ఎటు నుంచి పడుతుందో దాన్నిబట్టి మారుతుంది. మంచం మీద పరిచిన చీరలో ఒకే రకంగా ఉన్న మెరుపు, నిలబడ్డ మనిషి మీద మడత మడతకూ మారాలి. పిల్ల ఫొటోలో వెలుగు ఎడమ నుంచి వస్తోంది. అటు తిరిగిన మడతల మీద జరీని మాత్రం పట్టుకుని చేత్తో కొంచెం వెలుగు పెంచాను. ఇది కళ్ళతో చేసే పని, దీనికి నా దగ్గర కొలత లేదు. రెండు సాయంత్రాలు పట్టింది.

పంపాను. ఈసారి పిల్లే ఫోన్ చేసింది. "మామయ్యా, అంతా బాగుంది గానీ రెండో కుచ్చిలి మీద బుటా సగమే పడిందేంటి, సరిచేస్తావా?" అంది. వెనక నుంచి అక్క గొంతు వినబడింది: "దాన్ని ముట్టుకోవద్దని చెప్పు."