చీర చేరింది, డబ్బు వెనక్కి పోయింది: పేమెంట్ గేట్‌వే డిస్ప్యూట్ పేజీ రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తా, ఈ వీడియోకి గేట్‌వే వాళ్లు, అంటే ఆన్‌లైన్‌లో కస్టమర్ కట్టిన డబ్బు తీసుకుని మనకు పంపే కంపెనీ వాళ్లు, డబ్బులిచ్చారు. పేరు, ఫీజుల వివరాలు డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, అవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను చూపించేది ఒక్క పేజీనే: డిస్ప్యూట్స్.

మా వదిన కడపలో మాధవరం చీరలు ఇన్‌స్టాలో అమ్ముతుంది, లెక్కలు నేను చూస్తా. బెంగళూరు కస్టమర్ ఒకావిడ 4,200 చీర కార్డు మీద కొన్నారు. కొరియర్ ట్రాకింగ్‌లో `Delivered` అని వచ్చింది. కొన్ని వారాల తర్వాత గేట్‌వే నుంచి మెయిల్: "వస్తువు అందలేదు" అని చార్జ్‌బ్యాక్, అంటే కస్టమర్ తన బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడం.

వదిన అడిగిన మొదటి మాట, "ఓటీపీ కొట్టి కట్టింది కదరా, మళ్లీ ఇదేంది?" చాలామందికి ఈ అనుమానమే. కార్డు నేను వాడలేదు, ఎవరో వాడారు అని కస్టమర్ అంటే ఓటీపీ మనల్ని చాలావరకు కాపాడుతుంది. సరుకు రాలేదంటే మాత్రం ఓటీపీకి దాంతో సంబంధం లేదు.

జరిగేది ఇది. ఆవిడ మనల్ని అడగకుండా తన బ్యాంకుకే ఫిర్యాదు చేస్తుంది. బ్యాంకు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ ద్వారా మన వైపు బ్యాంకుకు, అక్కడి నుంచి గేట్‌వేకి పంపుతుంది. చివర్లో మన దగ్గరికి వస్తుంది, కారణం, గడువు తేదీతో. పేజీలో రెండు బటన్లు: `Accept`, `Contest`. గడువు దాటితే ఒప్పుకున్నట్టే.

పాత గేట్‌వేలో ఈ మెయిల్ ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడేది. ఇందులో ఎస్ఎంఎస్ కూడా వస్తుంది. ఇది మాత్రం నిజంగా మెచ్చుకోవాల్సిందే.

ఇక నాకు ఒళ్లు మండే భాగం. డబ్బు ఎప్పుడు కోస్తారో తెలుసా? తీర్పు వచ్చాక కాదు, కేసు తెరవగానే. ఆ రోజు అమ్మకాలు 11,500. రెండు శాతం ఫీజు 230, దాని మీద జీఎస్టీ 41.40. అంటే 11,228.60 రావాలి. వచ్చింది 7,028.60. తేడా సరిగ్గా 4,200. స్టేట్‌మెంట్‌లో దానికి రాసిన వివరణ ఏంటో చూడండి, జూమ్ చేస్తున్నా: `Adjustment`. అంతే! ఏ ఆర్డరు, ఏ కేసు, ఏమీ లేదు. ఒకే రోజు రెండు కేసులుంటే రెండూ కలిపి ఒకే లైను. ఏ కోత దేనిదో ఎలా కనుక్కోవాలి సామీ? అమ్మకాలు తక్కువగా ఉన్న రోజైతే బ్యాలెన్స్ మైనస్‌లోకి పోయి, తర్వాత వచ్చే ఆర్డర్ల డబ్బు దానికే జమవుతుంది. అసలు ఆర్డరు మీద కట్టిన ఫీజు 99.12 కూడా తిరిగి రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కేసు తెరిచాక కస్టమర్ ఫోన్ చేసి "ఫోన్‌పే చేయండి, కేసు తీసేస్తా" అంటే పంపకండి. అటు బ్యాంకు కోసింది, ఇటు మీరు పంపారు, రెండుసార్లు పోతుంది.

మేం `Contest` నొక్కాం. ట్రాకింగ్ స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే బలం చాలదు, అందులో సంతకం లేదు, చిరునామా లేదు. కొరియర్ ఆఫీసుకు పోయి సంతకం, పిన్‌కోడ్ ఉన్న డెలివరీ రసీదు తెచ్చాం. అసలు కేసును నిలబెట్టింది వదిన వాట్సాప్. డెలివరీ అయిన మరుసటి రోజు ఆవిడ చీర ఫొటో పెట్టి, "బ్లౌజ్ పీస్ కాస్త పొట్టిగా ఉందండీ" అని రాసింది. తేదీ, నంబరు కనిపించేలా తీసి, కింద ఇంగ్లిష్‌లో అర్థం రాశాం. అవతల చదివేవాళ్లకు తెలుగు రావాలని లేదు కదా. అన్నీ ఒకే పీడీఎఫ్.

నెల దాటాక గెలిచాం. ఒకవేళ ఆవిడ బ్యాంకు ఒప్పుకోకపోయి ఉంటే ప్రీ-ఆర్బిట్రేషన్ అనే ఇంకో రౌండు, అదీ తేలకపోతే నెట్‌వర్కే తీర్పు చెప్పే ఆర్బిట్రేషన్. అక్కడ ఓడితే కట్టే ఫీజు చీర ధర కంటే చాలా ఎక్కువ. నాలుగు వేల చీర కోసం అంతదాకా నేనైతే పోను.

4,200 వెనక్కి వచ్చింది. ఏ పేరుతో వచ్చిందో ఊహించండి. మళ్లీ `Adjustment`!

అందుకే అయిదుకు మూడే ఇస్తున్నా. ఒక మార్కు ఎస్ఎంఎస్‌కి, ఒకటి అప్‌లోడ్ సులువుగా ఉన్నందుకు, ఒకటి డబ్బు తిరిగొచ్చినందుకు. సెటిల్‌మెంట్ లైనులో కేసు నంబరు పెట్టేదాకా నాలుగో మార్కు లేదు. ఈ మాట వీడియోలో తీసేయమన్నారు, నేను తీయలేదు.