నియాన్ బోర్డు మీద 24ను 12గా మార్చడం

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక ఫొటో పట్టుకుని మాట్లాడుకుందాం. రాత్రి తీసిన ఫొటో, ఇటుక గోడ, దాని మీద ఎర్రటి నియాన్ గొట్టాలతో "24 గంటలు" అని బోర్డు. బోర్డుకు ముందు, అంకెలకూ మాటకూ నడుమ, ఒక సన్నటి నల్ల స్తంభం ఉంది. మనం 24ను 12గా మార్చాలి. గొట్టాన్ని చెరిపి కొత్తది గీయడం పెద్ద పని కాదు. దాని చుట్టూ ఉన్న వెలుగు మాత్రం పాత అంకె ఆకారంలోనే మిగిలిపోతుంది. అందుకే చాలామంది మార్చిన బోర్డుల్లో 1 చుట్టూ 2 నీడలాగా ఒక ఎర్రటి మచ్చ కనిపిస్తుంది.

ఆ వెలుగు ఒకటి కాదు, రెండు. లెన్సులో చెదిరి ఫొటో అంతటా పరుచుకున్నది బ్లూమ్. గోడ మీద నిజంగా పడ్డ కాంతి వేరు. ఈ రెండింటినీ విడదీసి చూపించేది ఆ నల్ల స్తంభమే. గొట్టం దాని వెనక ఉంది కాబట్టి ఆ వెలుగు స్తంభం ముందు వైపు పడదు. అయినా ఫొటోలో స్తంభం కాస్త ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపంతా బ్లూమే. గోడ మీది ఎరుపులో రెండూ కలిసి ఉంటాయి. మీ ఫొటోలో స్తంభం లేకపోతే బోర్డుకు అడ్డంగా వచ్చిన తీగైనా, కొమ్మైనా వెతకండి. కొలతలన్నీ అక్కడే మొదలవ్వాలి.

మొదట ఫొటోను RAW నుంచి 16 బిట్ TIFFగా తీసుకుని, ఫొటోషాప్‌లో Image > Mode > 32 Bits/Channelకి మార్చండి. కారణం చెబుతాను. వెలుగు మీద వెలుగు పడితే కూడిక జరుగుతుంది. మామూలు మోడ్‌లో తెర మీది అంకెలు వెలుగు లెక్కలో ఉండవు, వంపు తిరిగి ఉంటాయి. వాటిని కూడితే గొట్టం చుట్టూ ఉన్న వెలుగు వలయం, అంటే హేలో, ముదిరి సున్నం కొట్టినట్టు అవుతుంది. 32 బిట్‌లో లేయర్లు అసలు వెలుగు లెక్కలో కలుస్తాయి. ఇంకో లాభం, తెర చూపగల గరిష్ఠమైన 1ని దాటిన విలువలు కూడా అందులో నిలుస్తాయి. మనకు అదే కీలకం.

ఇప్పుడు కొత్త అంకె గీయకండి. ముందు పాత 24నే మళ్లీ గీయండి. పెన్ టూల్‌తో గొట్టం నడిమి గీత వెంట పాత్ వేసి, గొట్టం మందానికి సరిపోయే బ్రష్‌తో ఖాళీ లేయర్ మీద స్ట్రోక్ చేయండి. మన ఫొటోలో గొట్టం 14 పిక్సెళ్లు అనుకుందాం. రంగు లీనియర్ విలువల్లో, అంటే వెలుగు లెక్కలో, ఎరుపు 1, ఆకుపచ్చ 0.05, నీలం 0.02. ఆ లేయర్‌కి Exposure +3 ఇవ్వండి. ఎనిమిది రెట్లవుతుంది: 8, 0.4, 0.16. కెమెరాలో ఎరుపు 1 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి తెర మీద గొట్టం నడిమి భాగం 255, 170, 111గా, నారింజ రంగులో కనిపిస్తుంది. ఎర్ర నియాన్ ఫొటోల్లో గొట్టం నడిమి భాగం పసుపు తిరగడానికి ఇదే మూలం. గొట్టం రంగు మారలేదు, ఎరుపు చానెల్ నిండిపోయి మిగతా రెండూ అందుకున్నాయి.

చాలామంది పొరపాటు చేసేది సరిగ్గా ఇక్కడే. ఫొటోలో కనిపించే ఆ పసుపు నడిమి భాగాన్ని ఐడ్రాపర్‌తో తీసుకుని, దాన్నే బ్లర్ చేస్తారు. హేలో నారింజ రంగుకు తిరిగి పాలిపోతుంది. బ్లూమ్ గొట్టం అసలు రంగులో ఉండాలి, కనిపించే రంగులో కాదు.

ఇక బ్లూమ్. ఒక్క Gaussian Blur సరిపోదు. లెన్సు చెదరగొట్టే వెలుగు నడుమ మొనదేలి, చివర చాలా దూరం సాగుతుంది. గీసిన లేయర్‌కి మూడు కాపీలు తీసి 4, 16, 64 పిక్సెళ్ల వ్యాసార్థంతో బ్లర్ చేసి, Linear Dodge మోడ్‌లో పెట్టండి. అపాసిటీ మొదటికి 15, తర్వాతి రెండింటికీ 10 శాతంతో మొదలుపెట్టి సవరించుకోండి. వెడల్పాటి కాపీ ఒక్కదాని లెక్క చూద్దాం. 14 పిక్సెళ్ల గీతను 64తో బ్లర్ చేస్తే శిఖరం సుమారు 0.087కి పడిపోతుంది. ఎనిమిది రెట్లు ఉంది కాబట్టి 0.7, పది శాతం అపాసిటీతో 0.07. తెర మీద ఎరుపు దాదాపు 75, ఆకుపచ్చ 11, నీలం 5. గొట్టం పొడవుగా, తిన్నగా ఉందనుకుంటే, 60 పిక్సెళ్ల దూరంలో ఎరుపు 60కి దిగుతుంది. Exposure పెంచకుండా ఇదే పని చేస్తే హేలో దాదాపు కనిపించదు. అప్పుడు అపాసిటీ పెంచుకుంటూ పోతారు, దగ్గరి అంచు పాడవుతుంది.

ఈ మూడు కాపీలనూ ఒక గ్రూపులో పెట్టి, వాటిని ఒక నల్ల లేయర్ మీద విలీనం చేసిన నకలును Difference మోడ్‌లోకి మార్చి, అసలు ఫొటో మీద పెట్టండి. "గంటలు" గొట్టాలు కూడా స్తంభాన్ని వెలిగిస్తాయి కాబట్టి ఈ సరిచూపు కోసం వాటినీ అలాగే గీసి కలపాలి. స్తంభం మీద ఎరుపు పోయి అది మామూలు నల్లగా తేలితే కొలత కుదిరినట్టే. ఎక్కువైతే పసిగట్టడం తేలిక: ముందు ఒక నల్లటి వలయం, దాని లోపల మళ్లీ వెలుగు. తక్కువైతే ఎరుపు మిగులుతుంది. RAW కన్వర్టర్ వేసిన టోన్ కర్వ్ వల్ల లెక్క అచ్చంగా కలవదు, కాబట్టి అపాసిటీలు కంటితో సరిచేయాల్సిందే. కుదిరాక "గంటలు" గీత తీసేసి 24 ఒక్కదాని బ్లూమ్ తీసివేయండి. గొట్టం ఉన్న చోట ఎరుపు నిండిపోయింది కాబట్టి తీసివేత అక్కడ పనికిరాదు. అక్కడ క్లోన్ స్టాంప్‌తో ఇటుక కప్పండి.

బ్లూమ్ తీశాక గోడ మీద ఇంకా మిగిలిన ఎరుపే గోడ మీద పడ్డ వెలుగు. దాన్ని మాత్రం గోడ గరుకుతనంతో గుణించాలి, కూడకూడదు. వెలుగు సమంగా పడ్డ ఇటుకల ముక్క ఒకటి ఎంచుకుని దాని ఎరుపు చానెల్‌నే టెక్స్‌చర్‌గా తీసుకోండి. ఎర్ర వెలుగులో మిగతా రెండు చానెళ్లలో నాయిస్ తప్ప సమాచారం పెద్దగా ఉండదు. పాత 24 గీతను గోడ వెలుగుకు సరిపోయేంత, మొదట 30 పిక్సెళ్లు అనుకుని, బ్లర్ చేసి ఆ టెక్స్‌చర్‌తో Multiply చేసి గోడ నుంచి తీసివేయండి. కొత్త 12 గీతకూ అలాగే చేసి గోడ మీద కూడండి. స్తంభం మీద దీన్ని మాస్క్ చేయాలి. బ్లూమ్‌ని మాత్రం ఎప్పుడూ మాస్క్ చేయకండి, అది స్తంభం మీదుగా పోవాల్సిందే.

12ని కూడా అవే సంఖ్యలతో గీయండి. ఏదీ మార్చొద్దు. అంకె ఎత్తు 200 పిక్సెళ్లయితే 2కి సుమారు 380, 4కి 480, 1కి 200 పిక్సెళ్ల గొట్టం పడుతుంది. మొత్తం 860 నుంచి 580కి తగ్గింది, వెలుగు మూడోవంతు పోయినట్టు. 1 చుట్టూ గోడ చీకటిపడితే కంగారుపడి పెంచకండి, అది అలాగే ఉండాలి. గొట్టం చివరలు వెనక్కి వంగే చోటు, అంకెల నడుమ నల్ల రంగు పూసిన గొట్టం, పట్టుకునే క్లిప్పులు కూడా గీయండి. అవి లేకపోతే అంకె గాల్లో తేలుతుంది.

లైట్ బాక్స్ అయితే వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ వెలిగేది వెనక పలక, అక్షరం వెలుగును ఆపుతుంది. ఫొటోలో నల్ల అక్షరం నల్లగా ఉండదు, చుట్టూ ఉన్న బ్లూమ్ కమ్మి 50, 60 దాకా లేస్తుంది. కొత్త అక్షరాన్ని మొదట పలక మీద Multiplyతో వేసి, బ్లూమ్ ఆ తర్వాత చేర్చండి. వరస మారిస్తే అక్షరం అతికించిన స్టిక్కర్‌లా కనిపిస్తుంది.

చివరి పని గ్రెయిన్. లెక్కతో వచ్చిన హేలో నున్నగా ఉంటుంది. 8 బిట్‌కి దింపితే 75 నుంచి 5 దాకా 70 మెట్లు 300 పిక్సెళ్లలో సర్దుకోవాలి, ఒక్కో మెట్టు నాలుగు పిక్సెళ్లు దాటుతుంది. అవే చారలు. దించే ముందే 100 శాతం జూమ్‌లో ఎరుపు చానెల్ చూస్తూ, పక్క గోడ మీది నాయిస్‌కి సరిపోయేంత Add Noise వేయండి. దించేటప్పుడు లేయర్లను Merge చేయమంటే HDR Toning పెట్టె తెరుచుకుంటుంది. అందులో Exposure and Gamma ఎంచుకుని 0, 1 అని ఉంచండి. అలా చేయకపోతే టోన్లన్నీ మారిపోయి, పడ్డ శ్రమంతా వృథా అవుతుంది.